ఆఫీసు బండికి ఎన్ని సీసీలు కావాలి?

మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు నిన్న అడిగాడు, "అన్నా, 100 సీసీ కొననా, 150 కొననా?" అని. లెక్కేసి చూపించా.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మాదాపూర్, రానూపోనూ ఓ 40 కిలోమీటర్లు. పాతిక రోజులకి వెయ్యి. లీటరుకి 65 ఇచ్చే 100 సీసీకి 15 లీటర్లు చాలు, 45 ఇచ్చే 150కి 22 కావాలి. లీటరు వంద పైనే కాబట్టి నెలకి 700 తేడా. కొనేటప్పుడు పెట్టే ముప్ఫై నలభై వేలు అదనం.

"మరి పవరో?" అన్నాడు. 8 బీహెచ్‌పీ అయినా 13 అయినా సిగ్నల్ దగ్గర పక్కపక్కనే ఆగుతాం. ఔటర్ మీదకి బైకుల్ని ఎలాగూ రానివ్వరు. అయితే రోజూ వెనక మనిషిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కితే 100 సీసీ ఈడుస్తుంది, గేరు దించాల్సిందే, మైలేజీ కూడా పడిపోతుంది. అలాంటివాళ్ళు 125 తీసుకోవడం మేలు.

ఒక్కడివే అయితే మాత్రం, నా ఓటు 100కే!