వాగును ఎవరు కొంటారు?

పటాన్‌చెరులో ఏ కిరాణా దుకాణానికి వెళ్లినా ఇరవై లీటర్ల నీళ్ల క్యాను దొరుకుతుంది. శుభ్రమైన నక్కవాగు మాత్రం ఎక్కడా అమ్మకానికి లేదు. క్యాను తెచ్చి అమ్మేవాడు ఉన్నాడు, బోరు వేసేవాడు ఉన్నాడు, నీళ్ల ట్యాంకర్ తోలేవాడు ఉన్నాడు. వాగును బాగుచేసి అమ్ముతానని మాత్రం ఏ వ్యాపారీ రాలేదు, రాడు కూడా. మార్కెట్‌ను నమ్ముకోమని మనకు చెప్పేవాళ్లు ఈ తేడా ఎందుకు వచ్చిందో కాస్త ఆలోచించాలి.

క్యాను డబ్బులిచ్చినవాడికే చేరుతుంది. ఇవ్వనివాడికి ఇవ్వకుండా ఆపవచ్చు. వాగు సంగతి వేరు. వాగులో నీళ్లు ఒకరు ఎక్కువ తోడితే కింది రైతుకు తగ్గవచ్చు గానీ, వాగు శుభ్రంగా ఉండటమనేది ఒకరు వాడుకుంటే తరిగిపోదు. అది బాగుపడితే చందా ఇచ్చిన రైతు మడికీ, ఇవ్వని రైతు మడికీ అదే నీరు పారుతుంది. ఇలాంటివాటిని అర్థశాస్త్రంలో ప్రజా వస్తువులు అంటారు. టికెట్ కొననివాడిని బస్సు దింపలేనప్పుడు టికెట్ ఎవరూ కొనరు. ఆ టికెట్ లేని ప్రయాణికుడినే ‘ఫ్రీ రైడర్’ అంటారు. మన ప్రాంతంలో ఈ ప్రయాణికులు రెండు వైపులా ఉన్నారని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు ఫ్యాక్టరీల వైపు చూద్దాం. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి చుట్టూ పరిశ్రమలు పెరిగాయి. వాటిలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. వాటి వ్యర్థ జలాలు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు చేరేవి. ఒక్కో చిన్న ఫ్యాక్టరీ సొంతంగా శుద్ధి ప్లాంటు కట్టుకోలేదన్నారు. అందుకని అందరికీ కలిపి పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఫ్యాక్టరీల నుంచి ట్యాంకర్లలో వ్యర్థ జలం అక్కడికి చేరుతుంది.

ఇక్కడే కిటుకు ఉంది. ఉదాహరణకు ఒక లెక్క వేసుకుందాం. ఇవి అసలు ధరలు కావు, లెక్క కోసం అనుకున్నవి. ఒక ట్యాంకర్ శుద్ధికి 5,000 రూపాయలు అవుతుందనుకోండి. వంద ఫ్యాక్టరీలు రోజుకో ట్యాంకర్ పంపాలి. ఒక యజమాని ఆ ట్యాంకర్‌ను రాత్రిపూట వాగులో వదిలేస్తే అతనికి 5,000 మిగులుతాయి. వాగులో పెరిగిన విషం నూరింట ఒక పాలు మాత్రమే, అదీ అతని పొలంలోకి రాదు. మిగతా తొంభై తొమ్మిది మంది నిజాయితీగా పంపినా అతనికి వదిలేయడమే లాభం. వాళ్లు పంపకపోయినా అతనికి వదిలేయడమే లాభం. నిజాయితీగా పంపినవాడి సరుకు ఖరీదు పెరుగుతుంది, పోటీలో వెనకబడతాడు. యజమానులు చెడ్డవాళ్లు కావడం వల్లనే ఇది జరగడం లేదు. మంచివాడికి నష్టం, ఎగవేసినవాడికి లాభం వచ్చేలా ధర పెట్టడం వల్ల జరుగుతోంది.

సరే, కేంద్రానికి చేరిన నీళ్లయినా బాగుపడ్డాయా? స్వీడన్ పరిశోధకులు ఈ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. అప్పట్లో సుమారు 90 మందుల ఫ్యాక్టరీల నీరు అక్కడికి వచ్చేది. శుద్ధి అయిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. తర్వాత పైప్‌లైన్ వేసి ఆ నీటిని హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రానికి మళ్లించారు. నక్కవాగుకు కొంత ఊరట దొరికింది, నిజమే. కానీ అంబర్‌పేట నుంచి నీళ్లు మూసీలోకే పోతాయి. మూసీ కింద వరి, గడ్డి పండించేవాళ్లూ రైతులే. పైగా రాత్రిపూట వాగులో దిగే ట్యాంకర్ పైప్‌లైన్ అడగదు కదా.

ఇప్పుడు మన వైపు. నక్కవాగు గురించి ‘ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్’ 1990లో సుప్రీంకోర్టులో కేసు వేసింది. అది 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు బదిలీ అయింది. పదకొండేళ్లకు కేసు కోర్టు మారింది, తీరలేదు. అంతకాలం కాగితాలు మోసి, నమూనాలు సేకరించి, వకీళ్ల చుట్టూ తిరిగినవాళ్లు ఎంతమంది? చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ కేసులో వచ్చిన ప్రతి ఆదేశం వల్ల మేలు పొందినవాళ్లు మాత్రం వాగు పొడవునా ఉన్నారు. నాలుగు వందల కుటుంబాలు తలా వెయ్యి వేసుకుంటే నాలుగు లక్షలతో ఏళ్ల తరబడి పరీక్షలు చేయించవచ్చు. కానీ ప్రతి ఇంట్లో అదే మాట: మిగతా 399 మంది ఇస్తే నా వెయ్యి లేకపోయినా పని జరుగుతుంది, వాళ్లు ఇవ్వకపోతే నా వెయ్యి దండగ.

మాన్కర్ ఓల్సన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1965లో దీని గురించే పుస్తకం రాశాడు. కొద్దిమందికి పెద్ద లాభం ఉన్నచోట సంఘం తేలిగ్గా కుదురుతుంది, చాలామందికి తలా కొంచెం లాభం ఉన్నచోట కుదరదు అన్నాడు. ఫ్యాక్టరీ యజమానుల సంఘం ఆఫీసుకూ మన సంఘం ఆఫీసుకూ తేడా చూసినవాళ్లకు పుస్తకం అక్కర్లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కేసులో నష్టపరిహారం ఎకరాల లెక్కన, ఖుష్కీ, తరీ వేరు చేసి తేల్చారు. పరిహారం పంచవచ్చు, పేరు రాసి చేతికి ఇవ్వవచ్చు. అందుకే దానికోసం జనం కదులుతారు, నాయకులూ వస్తారు. వాగును పంచలేం కాబట్టి దాని ఊసు వెనక్కి పోతుంది. డబ్బున్న రైతు ఇంకా లోతుగా బోరు వేసుకుని, ఆ బోరూ చెడితే పొలం అమ్మి తప్పుకుంటాడు. గట్టిగా అడగగలిగినవాడు అలా ముందే వెళ్లిపోతాడు.

కాబట్టి మా వాదన ఇది. శుద్ధి కేంద్రానికి తెచ్చిన నీటి మీద ధర పెట్టినంతకాలం తేకపోవడానికి ఆశ ఉంటుంది. ప్రతి ఫ్యాక్టరీ ఎంత సరుకు చేసింది, ఎంత నీరూ కరెంటూ వాడింది చూసి, ఎంత వ్యర్థ జలం పుట్టాలో కట్టి, ఆ మేరకు డబ్బు ముందే వసూలు చేయాలి. శుద్ధి కేంద్రంలో దించిన రశీదు చూపిస్తే అందులో కొంత వెనక్కి ఇవ్వాలి. అప్పుడు వాగులో వదిలినవాడు 5,000 మిగుల్చుకోడు, తిరిగి రావాల్సిన డబ్బు పోగొట్టుకుంటాడు. ఇందులోనూ లొసుగు ఉంది: ఉత్పత్తిని తక్కువ చేసి చూపుతారు. కరెంటు బిల్లులతో, జీఎస్టీ లెక్కలతో సరిచూస్తే అది చాలావరకు దొరుకుతుంది. సొంత ఆవరణలోనే నీటినంతా ఆవిరి చేస్తామనే ఫ్యాక్టరీల దగ్గరా ఆ యంత్రం కరెంటు మీటరు వేరుగా చూడాలి, ఎందుకంటే దాన్ని ఆపేస్తే మిగిలేది కరెంటు ఖర్చే.

మన చందా సంగతికి వస్తే, మంచితనం మీద ఆధారపడే వసూలు ఇకమీదట వద్దంటున్నాం. వాగు వెంట ఉన్న ప్రతి ఊళ్లో ఎకరాకు ఇంత అని రాయించుకుందాం. ఊళ్లో మూడింట రెండొంతుల కుటుంబాలు సంతకం పెడితేనే డబ్బు తీసుకుందాం, లేకపోతే ఒక్క రూపాయీ తీసుకోవద్దు. అప్పుడు ‘నా వెయ్యి దండగ’ అనే భయం పోతుంది. ‘నేను లేకున్నా జరుగుతుంది’ అనే ఆశ పూర్తిగా పోదు గానీ, తన సంతకం లేక ఊరి లెక్క ఆగిందంటే అడిగేవాళ్లుంటారు. ఆ డబ్బుతో ముందు ప్రతి ఊరికీ ఒక టీడీఎస్ మీటరు కొనాలి. అది నీటిలో ఉప్పులనే చెబుతుంది, మందులను పట్టదు. అయినా తెల్లవారుజామున వాగులో అంకె ఉన్నట్టుండి పెరిగితే రాత్రి ఏదో దిగిందని తెలుస్తుంది. ఆ నీటినే సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపాలి. రోజూ తేదీ, సమయం వేసి రాసిన పుస్తకం ఉంటే అధికారి దగ్గర మన మాటకు బలం ఉంటుంది. సంతకాల కాగితాలు ఈ సంచికతోపాటే మండల కమిటీలకు పంపుతున్నాం.