ఫార్ట్‌లెక్: శ్వాసే కొలమానం

నాకు తెలిసిన 48 ఏళ్ల బ్యాంకు ఉద్యోగి ఒకరు ప్రతి మంగళవారం ట్రాక్ మీద 400 మీటర్ల పరుగును పదిసార్లు చేసేవారు. ఆరోసారికే నిర్ణయించుకున్న సమయం తప్పేది. క్రమంగా ఆయనకు మంగళవారమంటేనే విసుగు పుట్టింది. లోపం ఆయన కాళ్లలో లేదు. ఉక్కపోత రోజున కూడా చల్లని రోజు వేగాన్నే శరీరం నుండి ఆశించడమే లోపం.

అటువంటి వారికి నేను సూచించేది ఫార్ట్‌లెక్. స్వీడిష్ భాషలో ఈ మాటకు 'వేగపు ఆట' అని అర్థం. 1930లలో ఆ దేశపు శిక్షకుడు గోస్టా హోల్మర్ దీనిని రూపొందించారు. ఆట అన్నంత మాత్రాన ఇష్టం వచ్చినట్లు పరుగెత్తడం కాదు. ఇందులోనూ కొలత ఉంది. గడియారం స్థానంలో శ్వాస ఉంటుంది, అంతే.

ఆ మిత్రునికి 45 నిమిషాల పరుగును ఇలా అమర్చాను. మొదటి 15 నిమిషాలు హాయిగా కబుర్లు చెప్పగల వేగం. తరువాతి 20 నిమిషాలలో దీర్ఘ, హ్రస్వ పరుగులను మార్చి మార్చి చేయాలి. దీర్ఘమైనది సుమారు రెండు నిమిషాలు, మూడు నాలుగు మాటలకు మించి పలకలేని వేగంతో. హ్రస్వమైనది నాలుగు కరెంటు స్తంభాల దూరం, ఒక్క మాట మాత్రమే పలకగల వేగంతో. మధ్యలో ఆగిపోకుండా నెమ్మదిగా పరుగెత్తుతూ, ఒక పూర్తి వాక్యాన్ని తడబడకుండా చెప్పగలిగినప్పుడే మళ్లీ వేగం అందుకోవాలి. చివరి 10 నిమిషాలు తేలికపాటి పరుగు.

చాలామంది మొదటి విడతలోనే శక్తినంతా ఖర్చు చేస్తారు. మొదటిది 'ఇంత తేలికా' అనిపించాలి. చివరిది మొదటిదాని వేగంతోనే సాగితే అమరిక సరిగా ఉన్నట్లు. శ్వాస కుదుటపడడానికి మొదట పట్టిన సమయానికి రెట్టింపు పడుతున్నదంటే, ఆ రోజుకు వేగపు విడతలు చాలించి, తేలికగా ముగించాలి.

చేతి వాచీ చూపే గుండె వేగాన్ని హ్రస్వ పరుగులలో నమ్మవద్దని నా అభిప్రాయం. శ్రమ పెరిగిన వెంటనే గుండె ఆ స్థాయికి చేరదు. అంకె పెరిగేలోపే పరుగు ముగుస్తుంది. రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో ఆ అంకె ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. పోటీలో ఉంచవలసిన కచ్చితమైన వేగాన్ని ఇది నేర్పదు. అందుకే పోటీకి ముందు వారాలలో కొన్నిసార్లు ట్రాక్‌కు వెళ్లక తప్పదు. అలాగే, ఛాతీలో బరువు గానీ, కళ్లు తిరగడం గానీ అలసటలో భాగం కావు. అవి కనిపిస్తే వెంటనే పరుగు ఆపి వైద్యుని కలవండి.

ఆ మిత్రుడు ఇప్పుడు మంగళవారం చెరువుగట్టు మీద పరుగెత్తుతున్నారు. వాచీని మాత్రం జేబులో ఉంచుకుంటున్నారు.