బిల్లులో 500... దిగినవి 460!

కడియం నర్సరీ నుంచి 500 కొబ్బరి మొక్కలు తెప్పించుకున్నారు. లారీ దిగాక లెక్కపెడితే 460 ఉన్నాయి. మొక్క 120 రూపాయల చొప్పున బిల్లు మాత్రం 60,000కు వచ్చింది. ఏం చేయాలి?

దించేటప్పుడే డెలివరీ చలానా రెండు ప్రతుల మీదా ‘460 మాత్రమే అందాయి’ అని రాసి, డ్రైవరుతో సంతకం పెట్టించండి. తర్వాత నర్సరీకి ఉత్తరం రాయండి. బిల్లు నంబరు, తేదీ, తగ్గిన 40 మొక్కలకు 4,800 రూపాయల తేడా అందులో చూపి, బిల్లు సరిదిద్దమనండి. చలానా నకలు జతచేసి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి. వాడిపోయిన మొక్కల ఫిర్యాదు వేరుగా రాయండి, లెక్కలో కలపొద్దు.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, తక్కువ వచ్చిన సరుకును తిప్పి పంపొచ్చు. ఉంచుకుంటే అందినవాటికే, అంటే 55,200 రూపాయలే చెల్లించాలి.