‘మందు’ మాటను బ్లాక్ చేసి నేను చేసిన తప్పు

ఈ మధ్య మనవాళ్లు చాలామంది పొలం వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు, సంతోషం. ఛానల్ చిన్నగా ఉన్నన్నాళ్లు కామెంట్లతో తలనొప్పి ఉండదు. రాసే నలుగురూ మన ఎరుకలోని వాళ్లే. చూసేవాళ్లు వేలల్లోకి వచ్చాక తిట్టేవాళ్లు వస్తారు, వాళ్ల వెనకాలే మోసగాళ్లు వస్తారు. అప్పుడు ఏ మాటను ఆపాలి, దేన్ని వదలాలి అన్నది మనమే తేల్చుకోవాలి. అందులో నేను దెబ్బ తిన్నాను కాబట్టి చెబుతున్నా.

ఒకడు నా వీడియో కింద, ‘పొద్దున్నే మందు కొట్టి మాట్లాడుతున్నావా ముసలోడా’ అని రాశాడు. వాణ్ని చూసి ఇంకో పదిమంది తగులుకున్నారు. నాకు ఒళ్లు మండింది. మా అబ్బాయి చేత కంప్యూటర్‌లో యూట్యూబ్ స్టూడియో తెరిపించి, Settings లో Community లోకి వెళ్లి, Blocked words అన్న పెట్టెలో బూతులతో పాటు ‘మందు’ కూడా వేయించాను. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో mandu అని ఇంకోసారి. మన జనం రెండు రకాలుగానూ రాస్తారు కదా, ఒక్కటే వేస్తే రెండోది దొరకదు.

తిట్లు ఆగాయి. దాంతో పాటు అన్నీ ఆగాయి. మిర్చికి ఏ మందు కొట్టాలి అని అడిగినవాడి ప్రశ్న కూడా ఆగిపోయింది. తాగేదీ మందే, చేలో కొట్టేదీ మందే, ఆ తేడా దానికేం తెలుసు! అలా ఆపిన కామెంట్ పోదు, Held for review అనే చోట కూర్చుంటుంది. మనం చూసి Approve నొక్కితేనే జనానికి కనబడుతుంది. 60 రోజుల దాకా మన కోసం అక్కడ ఉంటుంది. ఆపామన్న సంగతి రాసినవాళ్లకు మాత్రం ఎవరూ చెప్పరు. ‘ఈయన జవాబే ఇవ్వడు’ అనుకుంటారు.

అసలు దెబ్బ ఇది కాదు. వరిలో కలుపు మందు గురించి చెబుతూ, ఎకరానికి అనాల్సిన మోతాదు నోరు జారి ట్యాంకుకి అన్నాను. ఎకరానికి పది ట్యాంకులు కొట్టేవాడు నా మాట వింటే పది రెట్లు పోస్తాడు, వరి మాడిపోతుంది. ఒక పెద్దాయన ఆ రోజే ‘తమ్ముడూ, ఆ మందు ఎకరానికి, ట్యాంకుకి కాదు’ అని రాశాడు. అందులోనూ ‘మందు’ ఉంది. నేను తొమ్మిది రోజుల తర్వాత చూశాను. చూసిన వెంటనే ఆ వీడియో తీసేసి, మళ్లీ మాట్లాడి పెట్టాను. ఆ తొమ్మిది రోజుల్లో ఎవరు విని కొట్టారో నాకు తెలియదు.

అందుకే నా మాట ఏంటంటే, మనల్ని కించపరిచే మాటల కోసం ఆ పెట్టెను వాడొద్దు. ‘నకిలీ’, ‘మోసం’, ‘తప్పు’ లాంటివి అసలే వేయొద్దు. నకిలీ విత్తనం గురించి రైతు రాసేది ఆ మాటతోనే. తిట్టినవాడు ఒక్కడైతే వాడి కామెంట్ పక్కన మూడు చుక్కలు నొక్కి Hide user from channel పెట్టండి. వాడు రాసుకుంటూనే ఉంటాడు, జనానికి కనబడదు.

పెట్టెలో వేయాల్సినవి మోసగాడి మాటలు. నా ఫొటో పెట్టుకుని, నా పేరుతోనే ఒకడు రైతుల ప్రశ్నల కింద ‘మీకు స్ప్రేయర్ వచ్చింది, ఈ వాట్సాప్ నంబర్‌కి మెసేజ్ పెట్టండి’ అని రాశాడు. ఒక రైతు రిజిస్ట్రేషన్ ఫీజు అని 1500 పంపి, తర్వాత నాకు ఫోన్ చేశాడు. లింకుల కోసం Block links టిక్ పెడితే చాలు, కానీ ఫోన్ నంబర్ లింకు కాదు, పైగా రోజుకో నంబర్. నంబర్ మారినా వాట్సాప్ అన్న మాట మారదు. అందుకే ‘వాట్సాప్’, ‘whatsapp’, ‘watsap’, ‘టెలిగ్రామ్’, ‘telegram’ వేశాను. మంచివాళ్లవి కూడా కొన్ని ఆగుతాయి, ఆ నష్టం నాకు సమ్మతమే.

కొందరు Hold all పెట్టుకో, నిశ్చింతగా ఉంటావు అన్నారు. నాకు నచ్చలేదు. ఒక రైతు అడిగితే ఇంకో రైతు జవాబిస్తాడు, నేను నాట్లలో ఉన్నా పని జరుగుతుంది. అన్నీ ఆపేస్తే ఆ సంభాషణ చచ్చిపోతుంది. దాని బదులు ఆ పెద్దాయన్నూ, బాగా తెలిసిన ఇంకో ఇద్దరినీ Approved users లో వేశాను. వాళ్లు ఏ మాట రాసినా ఆ జల్లెడలో పడదు, నేరుగా కనబడుతుంది.

ఇప్పుడు ‘మందు’ తీసేశాను. రాత్రి అన్నం తిన్నాక ఫోన్‌లోనే స్టూడియో తెరిచి, ఆగినవి చూస్తాను. పది నిమిషాల పని. మందు కొట్టావా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఔను, మిరపచేలో కొట్టాను అని రాస్తున్నా.