ఆ చోట శంఖం ఊదకండి

మా సత్తెనపల్లిలో ఎవరైనా మాట మింగేస్తూ మాట్లాడితే పెద్దవాళ్లు ఊరుకోరు. ‘అశ్వత్థామ హతః కుంజరః అన్నట్టు చెప్పకు, సంగతేంటో చెప్పు’ అని నిలదీస్తారు. చదువురాని వాళ్లు కూడా ఆ మాటను అబద్ధాల ఖాతాలోనే రాసుకున్నారు. దాన్ని నిజం ఖాతాలోకి మార్చడానికి తంటాలు పడుతున్నది పురాణం చెప్పేవాళ్లు. వాళ్లకు దొరికిన సాధనం ఒక శంఖం. ధర్మరాజు నిజమే చెప్పాడట, ‘కుంజరః’ అనేసరికి కృష్ణుడు శంఖం పూరించాడట, ద్రోణుడికి ఆ ముక్క వినపడలేదట. చిన్నప్పుడు నేనూ నమ్మాను. పెద్దయ్యాక వ్యాసుడి ద్రోణపర్వం చదివితే అక్కడ శంఖం లేదు. ధర్మరాజే ఏనుగు మాటను అస్పష్టంగా పలికాడని ఉంది. గొంతు తగ్గించింది ఆయనే.

అసలు ఆ మాట అవసరం ఎందుకొచ్చింది? అది యుద్ధం పదిహేనో రోజు. ముందు రాత్రి కూడా ఎవరికీ విశ్రాంతి లేదు, చీకట్లోనే యుద్ధం సాగింది. సేనాపతిగా అయిదో రోజున ఉన్న ద్రోణుడు అస్త్రం తెలియని మామూలు సైనికుల మీద బ్రహ్మాస్త్రం వేసి ఊచకోత కోస్తున్నాడు. ఇంకో సగం రోజు ఇలాగే పోరాడితే నీ సేన మిగలదని కృష్ణుడు ధర్మరాజుతో చెప్పాడు. ప్రాణాలు కాపాడటానికి ఆడే అబద్ధం నిజం కంటే మేలని కూడా అన్నాడు. ఆ భయం నిజమైనదే, నేను కాదనను.

అయితే ద్రోణుణ్ని ఎలా పడగొట్టాలో ధర్మరాజుకు అంతకుముందే తెలుసు. యుద్ధం మొదలయ్యే ముందు ఆయన కవచం విప్పి, కాలినడకన వెళ్లి గురువు కాళ్లకు మొక్కాడు. మిమ్మల్ని గెలిచేదెలా అని అడిగాడు. నమ్మదగిన మనిషి నోట భరించలేని చెడ్డవార్త వింటే ఆయుధం వదిలేస్తానని ద్రోణుడే చెప్పాడు. భీష్మపర్వంలో ఉన్న ఈ ఘట్టాన్ని మనం పట్టించుకోం. గురువు తన చావు తాళంచెవి శిష్యుడి చేతిలో పెట్టాడు. ఆ తాళంచెవి పేరు నమ్మకం.

పథకం విన్నప్పుడు అర్జునుడికి నచ్చలేదు. ధర్మరాజు కష్టం మీద ఒప్పుకున్నాడు. భీముడు తమ సేనలోనే ఉన్న ఏనుగును, మాళవరాజు ఇంద్రవర్మకు చెందిన అశ్వత్థామ అనేదాన్ని, గదతో కొట్టి చంపాడు. తర్వాత సిగ్గుపడుతూనే ద్రోణుడి దగ్గరికెళ్లి అశ్వత్థామ చచ్చాడని అరిచాడు. కొడుకు బలం తెలిసిన ద్రోణుడు నమ్మలేదు, యుద్ధం ఆపలేదు. చివరికి ధర్మరాజునే అడిగాడు. ముల్లోకాల రాజ్యం ఇస్తానన్నా ఈయన అబద్ధం ఆడడని ఆయన నమ్మకం.

నా కోపమంతా ఇక్కడే. కృష్ణుడి వాదం సరైనదని ధర్మరాజు నమ్మితే, వేలమంది ప్రాణాల కోసం అబద్ధం ఆడి ఆ పాపం నెత్తిన వేసుకోవాల్సింది. నమ్మకపోతే నోరు మూసుకోవాల్సింది, లేదా చచ్చింది ఏనుగని గట్టిగా చెప్పాల్సింది. ఆయన వీటిలో ఏదీ చెయ్యలేదు. ఆ క్షణాన ఆయనకు అబద్ధమంటే భయం, గెలుపంటే మోజు అని వ్యాసుడు రెండూ పక్కపక్కనే పెట్టాడు. ద్రోణుడికి అందాల్సిన ముక్క గట్టిగా అందింది. గొణిగిన ముక్క ఎవరి కోసం? ఆయన తన కోసం గొణుక్కున్నాడు. రేపు ‘నేను అబద్ధం ఆడలేదు’ అని చెప్పుకోవడానికి ఒక సాకు దాచుకున్నాడు. ఎదుటివాడు ఏమి అర్థం చేసుకోవాలని మాట్లాడామో దాన్నిబట్టే నిజమో అబద్ధమో తేలుతుంది. అలా చూస్తే అది అర్ధసత్యం కాదు, నిండు అబద్ధం. అన్నాళ్ల సత్యవ్రతం సంపాదించిపెట్టిన నమ్మకాన్నే పెట్టుబడిగా పెట్టి ఆడిన అబద్ధం. భీముడి అబద్ధం చెల్లలేదు, ఈయనది చెల్లింది.

కవి తీర్పు కూడా వెంటనే వచ్చింది. అంతవరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం ఆ మాటతో నేలను తాకింది. ద్రోణుడు కాసేపటికి ఆయుధాలు వదిలి, రథం మీద యోగంలో కూర్చున్నాడు. గురువును ప్రాణాలతో తీసుకురమ్మని అర్జునుడు అరుస్తున్నా, ధృష్టద్యుమ్నుడు జుట్టు పట్టుకుని తల నరికాడు. వాలిని చంపిన అపకీర్తి రాముడికి మిగిలినట్టు ఇది నీకు మిగులుతుందని అర్జునుడు అన్న ముఖం మీదే అన్నాడు. చివర్లో స్వర్గారోహణంలో ధర్మరాజుకు నరకం చూపించి, ద్రోణుణ్ని వ్యాజంతో మోసం చేశావు గనుక నీకూ వ్యాజంగానే నరకం చూపించామని ఇంద్రుడు చెబుతాడు. కృష్ణుడి శంఖం అడ్డొచ్చిందని ఇంద్రుడు ఆయన్ను వదిలిపెట్టలేదు.

హరికథ చెప్పే అయ్యలారా, పల్నాడు ఊళ్లలో భారతం ఆడే నటులారా, మీకు దండం పెట్టి అడుగుతున్నాను. ఈసారి ఆ ఘట్టంలో శంఖం ఊదకండి. వేదిక మీద ధర్మరాజు తన గొంతు తానే తగ్గించుకోవడం మా పిల్లల్ని చూడనివ్వండి.