ఈ నెల మీరు 420 పేజీలు చదివారు

మన క్లబ్బులో రోజువారీ చదువు నమోదు ఎలా నడుస్తోందో సభ్యులందరికీ తెలిసిందే. రాత్రి పదింటికి గ్రూపులో లింకు వస్తుంది. ఏ పుస్తకం, ఎన్ని పేజీలు అని రెండే రెండు ప్రశ్నలు. నింపి పంపేస్తాం. ఒకటో తారీఖు పొద్దున్నే ఈమెయిల్ వస్తుంది: "ఈ నెల మీరు 420 పేజీలు చదివారు. రోజుకు సగటు 14."

ఈ పద్ధతి ఉండాలా వద్దా అన్నది నా గొడవ కాదు. ఉండాల్సిందే. నా పేచీ అంతా ఆ ఈమెయిల్లో మొదటి వాక్యంతోనే. (ఉదాహరణకి 420 అనే అంకెనే ఎందుకు తీసుకున్నానో తెలుగు సినిమాలు చూసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.) ఇప్పుడు ఆ అంకె మీద బహుమతి కూడా పెడదామన్న మాట వినిపిస్తోంది. నెలలో అందరికన్నా ఎక్కువ పేజీలు చదివినవాళ్ళకి పుస్తకాలు ఇద్దామట. పెట్టేముందు ఆ అంకె ఎలా పుడుతోందో ఒకసారి విప్పి చూద్దాం.

ఇద్దరు సభ్యుల్ని ఊహించుకోండి. సెప్టెంబర్ నెల, 30 రోజులు. మొదటివాడు రెండు ఆదివారాలు మంచం దిగకుండా ఒకరోజు 130, ఇంకోరోజు 110 పేజీలు చదివాడు. ఇవి కాక మరో తొమ్మిది రోజులు రోజుకి 20 చొప్పున చదివాడు. మొత్తం 420. మిగతా 19 రోజులు పుస్తకం ముట్టలేదు. రెండో అమ్మాయి 26 రోజులు రోజుకి 12 పేజీల చొప్పున చదివింది. మొత్తం 312. మన ఈమెయిల్ ప్రకారం వాడి సగటు 14, ఆమె సగటు 10.4. పట్టికలో వాడు పైన, ఆమె కింద.

వాడు తక్కువ పాఠకుడని నేననను. సెలవురోజు ఒక్క ఊపున చదవడంలో ఉండే మజా వేరు. కానీ మనం పెట్టుకున్న పేరు రోజువారీ అలవాటు కదా? ఆ అలవాటు ఎవరికి ఉందో ఆ ఈమెయిల్ చూస్తే తెలీదు, పైగా తిరగబడి కనిపిస్తుంది. అదే 30 రోజుల అంకెల్ని వరసగా పేర్చి మధ్యగతం తీయండి. వాడిది 0 వస్తుంది, ఆమెది 12 వస్తుంది. పదో తరగతి స్టాటిస్టిక్సులో సగటు, మధ్యగతం వేర్వేరని మార్కుల కోసం నేర్చుకున్నాం. అది అక్కరకొచ్చే చోటు ఇదే.

ఇంతకన్నా తమాషా ఇంకోటుంది. చదవని రోజు మీరేం చేస్తారు? కొందరు ఫారం తెరిచి నిజాయితీగా 0 అని కొడతారు. చాలామంది అసలు తెరవరు. షీట్‌లో `AVERAGE` అనే ఫంక్షన్ 0ని లెక్కలోకి తీసుకుంటుంది, ఖాళీ గడిని వదిలేస్తుంది. అంటే పైన చెప్పిన మొదటివాడు 19 రోజులూ సున్నాలు వేస్తే సగటు 14. ఏమీ వేయకపోతే 420ని 11తో భాగించి 38 చూపిస్తుంది. చదివింది అంతే, పుస్తకం అదే. ఫారం తెరవడానికి బద్ధకించినవాడికి దాదాపు మూడు రెట్లు పేరొచ్చింది. కాబట్టి సగటు చూపించి తీరాలనుకుంటే నెలలో రోజుల సంఖ్యతో భాగించాలి, నింపిన రోజులతో కాదు.

అప్పుడు ఇంకో చిక్కొస్తుంది. చదివి కూడా నింపడం మర్చిపోయినవాళ్ళ సంగతేంటి? ఇక్కడే నా అసలు ప్రతిపాదన. "ఈరోజు ఎన్ని పేజీలు చదివారు" అని అడగొద్దు. "ఏ పేజీ దగ్గర ఆపారు" అని అడుగుదాం. పుస్తకంలో గుర్తు పెట్టుకునే పేజీ నంబరే రాస్తే చాలు. మొన్న 84 దగ్గర ఆపి, నిన్న నింపడం మర్చిపోయి, ఇవాళ 121 అని రాశారనుకోండి, 37 పేజీలూ ఎక్కడికీ పోవు. తీసివేత షీట్ చేసుకుంటుంది. రాత్రి నిద్రమత్తులో "ఇవాళ ఓ పాతిక చదివుంటాలే" అని కాకిలెక్క వేసే అవసరం కూడా ఉండదు. ఒకే ఒక్క లోటు, ఆ 37 పేజీలూ ఒకే రోజు ఖాతాలో పడతాయి. అందుకని ఫారంలో తేదీ గడి కూడా పెట్టి, రెండు రోజుల వెనక్కి నింపుకునే వీలివ్వాలి. అంతకన్నా వెనక్కి ఇస్తే నెలాఖరున కూర్చుని అందరం కథలల్లుతాం, రికార్డు రాసినట్టు.

తేదీ అన్నాక హాస్టల్ వాళ్ళ బాధ ఒకటి చెప్పాలి. మనలో సగం మంది చదివేది పన్నెండు దాటాకే. మంగళవారం రాత్రి ఒంటిగంటకి నింపితే టైమ్‌స్టాంప్ బుధవారం అంటుంది. మంగళవారం ఖాళీ, బుధవారం రెండు నమోదులు. అలా రోజూ చదివినవాడికి కూడా లెక్కలో కంతలు కనిపిస్తాయి. తేదీ గడి ముట్టుకోనివాళ్ళకి మందు ఒక్క లైనే. రోజు అనేది అర్ధరాత్రి కాకుండా తెల్లవారుజాము నాలుగింటికి మారేలా చేయాలి. టైమ్‌స్టాంప్ A2లో ఉంటే:

```
=INT(A2-TIME(4,0,0))
```

ఆ గడిని తేదీగా ఫార్మాట్ చేసుకుంటే సరి.

ఇక పేజీ అనే కొలత దగ్గరికొద్దాం. "వేయిపడగలు" ఎంత లావు పుస్తకమో, "మహాప్రస్థానం" ఎంత సన్ననిదో మీకు తెలుసు. శ్రీశ్రీని చదివేవాడు ఒకే పేజీ దగ్గర మూడు రాత్రులు ఆగిపోవచ్చు. నన్నడిగితే ఆగాలి కూడా. మన లెక్కలో ఆ మూడు రాత్రులూ మూడు సున్నాలు. నాటకమైతే పేజీలో సగం తెల్లకాగితమే, సంభాషణలు పరిగెడతాయి. ఈబుక్ అయితే అక్షరం సైజు పెంచితే పేజీలు కూడా పెరుగుతాయి. కాబట్టి ఒకరి పేజీల్ని ఇంకొకరి పేజీలతో పోల్చడంలో అర్థం లేదు. ఒకే మనిషి రెండు పుస్తకాల మధ్య పోల్చుకున్నా అంతే. ఒకే మనిషి ఒకే పుస్తకంలో ఎంత ముందుకెళ్ళాడో చెప్పడానికి మాత్రం పేజీ బాగా పనికొస్తుంది. ఫోన్లో చదివేవాళ్ళు పేజీ బదులు శాతం రాసుకోవచ్చు.

అందుకే పేజీ నంబరుకి పక్కన విడిగా "ఇవాళ చదివాను" అని ఒక టిక్కు ఉండాలి. పేజీ కదలకపోయినా టిక్కు పడితే ఆ రోజు చదివిన రోజే. వెనక్కెళ్ళి మళ్ళీ చదివితే తీసివేతలో మైనస్ వస్తుంది, దాన్ని సున్నాగా తీసుకుని రోజుని మాత్రం లెక్కపెట్టాలి. "అమరావతి కథలు" లాంటి పుస్తకం పట్టుకున్నవాడు రోజుకో కథ చదివి టిక్కు కొట్టి పడుకోవచ్చు. చిన్న చిన్న కథలే, నిజమే. అయినా ఆ కథ ఎన్ని పేజీలన్నది ఎవడిక్కావాలి?

బహుమతి సంగతి. పేజీకి ఇంత అని విలువ కడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం కొత్తగా ప్రయోగం చేయక్కర్లేదు. 2015 జులైలో అమెజాన్ తన కిండిల్ అన్‌లిమిటెడ్‌లో సొంతంగా పుస్తకాలు వేసుకునే రచయితలకి, పాఠకులు చదివిన పేజీల లెక్కన డబ్బులివ్వడం మొదలుపెట్టింది. అక్షరం సైజు గొడవ రాకుండా పేజీకి ఒక ప్రామాణిక కొలత కూడా పెట్టుకుంది. కానీ పాఠకుడు ఎంతవరకు చదివాడన్నది, అతను చేరిన అత్యంత దూరపు చోటుని బట్టి లెక్కయ్యేది. కొందరు అతితెలివిపరులు పుస్తకం మొదట్లోనే ఒక లింకు పెట్టి, నొక్కగానే పాఠకుణ్ణి చివరి పేజీకి చేర్చేవారు. మధ్యలో వందల కొద్దీ పేజీల చెత్త. చదివినట్టు లెక్క, డబ్బులు జేబులో. అంత పెద్ద కంపెనీకే ఆ కంతలు పూడ్చడం తలనొప్పయింది.

నేను చెప్పిన "ఆపిన పేజీ" పద్ధతిలోనూ అదే కంత ఉంది, దాచను. 121 బదులు 221 అని రాస్తే పట్టుకునేవాడు లేడు. బహుమతి లేనంతకాలం అలా రాయడానికి కారణం కూడా లేదు. బహుమతి పెట్టిన నెల నుంచి దొంగ నంబర్లు రావచ్చు. అవి రాకపోయినా ఇంకోటి కచ్చితంగా వస్తుంది: కవిత్వం పట్టుకున్నవాళ్ళు దాన్ని పక్కన పెట్టేసి పెద్దక్షరాల నవలలు వెతుక్కుంటారు. సాహిత్య క్లబ్బుకి ఇది దొంగ నంబర్ల కన్నా పెద్ద నష్టం.

వరసగా ఎన్ని రోజులు చదివారో చూపించి, ఒక్కరోజు తప్పితే సున్నాకి తోసేసే స్ట్రీక్ పెడదామని కూడా కొందరంటున్నారు. దానికీ నేను వ్యతిరేకమే. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఒక కొత్త అలవాటు దానంతటదే జరిగిపోయే స్థాయికి రావడానికి మధ్యగతంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పిపోతే అలవాటు ఏర్పడటానికి పెద్దగా అడ్డు కాలేదు. వాళ్ళు చూసింది తిండి, తాగడం, వ్యాయామం లాంటి పనులు, చదువు కాదు. అయినా ఒక్కరోజు తప్పినందుకు 40 రోజుల్ని చెరిపేసే లెక్క కన్నా ఇది నాకు సబబుగా తోస్తోంది. చెరిపేశాక వాడు నలభై ఒకటో రోజున మళ్ళీ ఫారం తెరుస్తాడా అన్నది కూడా ఆలోచించాలి.

మరి నెలాఖరు ఈమెయిల్లో ఏముండాలి? మన మొదటివాడికే రాసి చూపిస్తా:

"సెప్టెంబర్‌లో 11 రోజులు చదివారు. చదివిన రోజుల్లో మధ్యగతం 20 పేజీలు. పొడవైన విరామం 10వ తేదీ నుంచి 18 దాకా. చేతిలో ఉన్న పుస్తకంలో 312వ పేజీ దగ్గర ఉన్నారు."

దీన్ని చదివితే వాడికి తన నెల కళ్ళముందు కనిపిస్తుంది. 10 నుంచి 18 దాకా మిడ్స్ అయితే ఆ విరామం గురించి దిగులుపడక్కర్లేదు, సిలబస్సే కారణం. పరీక్షలేమీ లేకుండా అంత ఖాళీ వస్తే ఏ పేజీ దగ్గర ఆగిందో చూసుకోవాలి. టిక్కులు రోజూ పడుతూ పేజీ మాత్రం రెండేసి, మూడేసి కదులుతుంటే పుస్తకం బరువైనదై ఉంటుంది, లేదా పక్కమీదకి చేరాకే తెరుస్తున్నాడు. టిక్కులే ఆగిపోతే పుస్తకం వాణ్ణి వదిలేసినట్టు. అప్పుడు లైబ్రరీకి తిరిగిచ్చేసి ఇంకోటి తెచ్చుకోవడంలో తప్పేం లేదు. మొత్తం 420 అనే అంకె ఇవేవీ చెప్పదు.

ఈ ఈమెయిల్ ఎవరిది వాళ్ళకే వెళ్ళాలి, గ్రూపులో పేర్లతో పట్టిక వద్దు. క్లబ్బుకి తెలియాల్సింది, ఈ నెల కనీసం 15 రోజులు చదివినవాళ్ళు ఎంతమంది అన్న ఒక్క సంఖ్యే. బహుమతికి అనుకున్న డబ్బుతో పుస్తకాలు కొని, మన రూములో ఖాళీగా ఉన్న రెండో అరలో పెడదాం. కార్యవర్గం వచ్చే సమావేశంలో ఫారం ప్రశ్నలు మారుస్తానంటే ఫార్ములాలు రాసిపెట్టే పని నాది.