గల్లా చేతులు మారేటప్పుడు

ఈ సంచికలో వారసుల చేతికొచ్చిన కిరాణా కొట్ల గురించి రాశాం. కొడుకో కూతురో గల్లా దగ్గర కూర్చోగానే చేసే మొదటి పని కంప్యూటర్ బిల్లింగ్ పెట్టడం. గొడవ అరువు ఖాతా దగ్గర మొదలవుతుంది. నాన్నగారి పుస్తకంలోని బాకీలన్నీ ఒక్క రాత్రిలో ఎక్కించేసి, మర్నాడు అందరి ఫోన్లకూ మెసేజీలు పంపిస్తారు. బాకీ సంగతి ఇంట్లో తెలియనివ్వని మనిషికి అది అవమానమే. ఆయన డబ్బు కట్టేసి, మళ్లీ రాడు.

నిదానంగా చేయొచ్చు. ఏప్రిల్ 1 నుంచి కొత్త లెక్క మొదలుపెట్టి, ఎవరు కొట్టుకు వస్తే వారి పేజీ వారి ముందే కూడి, ఇద్దరూ ఒప్పుకున్న మొత్తాన్నే ఎక్కించాలి. పాత పుస్తకం గల్లా పక్కనే ఉండాలి, వీలైతే నాన్నగారు కూడా.

ఇంకో చిక్కుంది. పాత ఖాతాదారు ‘ఇరవై రూపాయల మినప్పప్పు’ అంటాడు. సాఫ్ట్‌వేర్ బరువు అడుగుతుంది. కిలో 140 అయితే 143 గ్రాములు. రూపాయలు కొడితే బరువు తనే చూపించే పద్ధతి లేని సాఫ్ట్‌వేర్ కిరాణా కొట్టుకు దండగ.

కాగితాల పని కొంచెమే, కానీ వరుస తప్పకూడదు. సొంత పేరున నడిచిన కొట్టు జీఎస్టీ నంబరు పాన్‌తో ముడిపడి ఉంటుంది కనుక వారసులకు రాదు. వాళ్లు కొత్తది తీసుకున్నాక, పాతది రద్దు కాకముందే, మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను ఐటీసీ-02 ఫారంతో మార్చుకోవాలి.